సరస్సు ఆకుపచ్చగా మారిందా? ఫాస్ఫరస్ లెక్క కట్టి నీటిని బాగుచేసే విధానం

సరస్సు నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడి, గాలి కొట్టుకొచ్చే ఒడ్డున నాచు తెట్టెకట్టి కంపు కొడుతుంటే, ఎవరికైనా ముందు ఆ నాచును తీసేయాలనే అనిపిస్తుంది. మందు చల్లుతారు, వలలతో లాగుతారు, ఫౌంటెన్లు పెడతారు. కొన్ని వారాలు నీళ్లు తేటగా కనిపించి, మళ్లీ మొదటికి వస్తాయి. నాచు పెరగడానికి కావలసిన సరుకు నీళ్లలోకి వస్తూనే ఉంది కాబట్టి అలా జరుగుతుంది. చాలా మంచినీటి సరస్సుల్లో ఆ సరుకు ఫాస్ఫరస్. అది ఏటా ఎన్ని కిలోలు వస్తోంది, ఎన్ని కిలోలకు తగ్గితే నాచు అదుపులోకి వస్తుంది అనే లెక్క చేతిలో ఉంటేనే ఏ పనికి ఖర్చు పెట్టాలో తెలుస్తుంది. ఆ లెక్క మీరే ఎలా కట్టవచ్చో, కట్టాక ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందు: ఫాస్ఫరస్ మీదే ఎందుకు పడాలి

నాచుకు కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ మూడూ కావాలి. కార్బన్ గాలి నుంచి దొరుకుతుంది. నైట్రోజన్ తక్కువైతే, సైనోబాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు దాన్ని కూడా గాలి నుంచే తీసుకోగలవు. ఫాస్ఫరస్‌కు గాలిలో నిల్వ లేదు. అది నేల నుంచో, మురుగు నుంచో, ఎరువు నుంచో నీళ్లలోకి రావాలి. కాబట్టి మనం పట్టి ఆపగలిగేది అదే.

దీన్ని కళ్లకు కట్టిన ప్రయోగం 1973లో కెనడాలో జరిగింది. అక్కడ పరిశోధన కోసం కేటాయించిన సరస్సుల్లో 226వ నంబరు సరస్సును డేవిడ్ షిండ్లర్ బృందం మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు భాగాలు చేసింది. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ కలిపారు. ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఆ వైపు నీళ్లు ఆకుపచ్చగా మారాయి, రెండో వైపు మామూలుగా ఉండిపోయాయి. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక, బట్టల సబ్బుపొడుల్లోని ఫాస్ఫేట్, అంటే ఫాస్ఫరస్ రూపం, సరస్సులను పాడుచేస్తోందా అన్న అప్పటి వాదన చాలావరకు తేలిపోయింది. లోతు తక్కువ సరస్సుల్లో నైట్రోజన్‌ను కూడా తగ్గించాల్సి రావచ్చు, సముద్రం కలిసే చోట్ల నైట్రోజనే ముఖ్యం కావచ్చు. మంచినీటి సరస్సుకు మాత్రం మొదటి లెక్క ఫాస్ఫరస్‌దే.

ఇక ఆక్సిజన్ సంగతి. 1 గ్రాము ఫాస్ఫరస్‌తో పొడి బరువులో సుమారు 100 గ్రాముల నాచు తయారవుతుంది. ఆ నాచు చచ్చి అడుక్కి దిగి కుళ్లేటప్పుడు బాక్టీరియా దాదాపు 140 గ్రాముల ఆక్సిజన్ వాడేస్తాయి. 20 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ 9 మిల్లీగ్రాములే. అంటే 1 గ్రాము ఫాస్ఫరస్ చివరికి 15 ఘనపు మీటర్ల నీళ్లలోని ఆక్సిజన్ మొత్తాన్ని మింగేయగలదు. లోతైన సరస్సులో ఎండాకాలం పైనీళ్లు వేడెక్కి తేలికై, చల్లని అడుగు నీళ్లతో కలవకుండా పొరలా నిలబడతాయి. అడుగున ఖర్చైన ఆక్సిజన్ ఆ రోజుల్లో తిరిగి నిండదు. చేపలు చచ్చిపోవడానికి మూలం ఇక్కడుంది.

మొదటి మెట్టు: సరస్సులోనే మూడు కొలతలు

మొదటిది తేట. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలకను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయండి. బరువు కట్టి, మీటర్లు గుర్తు పెట్టిన తాడుతో నీళ్లలోకి దింపండి. కనిపించకుండా పోయిన లోతూ, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతూ రాసుకుని సగటు తీయండి. దీన్ని సెక్కీ డిస్క్ అంటారు. ఎప్పుడూ ఒకే చోట, మధ్యాహ్నానికి దగ్గరగా, పడవ నీడ వైపు నుంచి చూడండి. నీళ్లలో మట్టి ఎక్కువగా ఉంటే ఈ కొలత నాచు గురించి కాకుండా మట్టి గురించి చెబుతుంది. అది మనసులో ఉంచుకోవాలి.

రెండోది ఆక్సిజన్. సరస్సులో అన్నింటికన్నా లోతైన చోట, పైనుంచి అడుగు వరకు మీటరుకు ఒకసారి కొలవండి. వేళ చాలా ముఖ్యం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం పైనీళ్లలో మీటరు 12, 14 మిల్లీగ్రాములు చూపించినా ఆశ్చర్యం లేదు. అది చూసి సరస్సు ఆరోగ్యంగా ఉందని సంబరపడితే మోసపోతాం. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ పీలుస్తుంది, తెల్లవారేసరికి విలువ అట్టడుగుకు చేరుతుంది. సూర్యోదయానికి ముందు కొలిచిన అంకె అసలు సంగతి చెబుతుంది. అది 3 మిల్లీగ్రాముల కింద ఉంటే చాలా చేపలకు కష్టకాలమే. వరుసగా మబ్బు పట్టిన రోజుల తర్వాత హఠాత్తుగా చేపలు తేలడం కూడా ఇందుకే. పగలు తయారీ తగ్గింది, రాత్రి వాడకం తగ్గలేదు.

మూడోది మొత్తం ఫాస్ఫరస్. ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు 'మొత్తం ఫాస్ఫరస్' పరీక్ష అని రాతపూర్వకంగా అడగండి. ఫాస్ఫేట్ పరీక్ష ఒక్కటే చేయిస్తే, నాచు దట్టంగా ఉన్న రోజున దాదాపు సున్నా వస్తుంది. కరిగిన ఫాస్ఫేట్ అప్పటికే నాచు లోపలికి వెళ్లిపోయింది కదా. ఆ కాగితం పట్టుకుని ఈ సరస్సులో ఫాస్ఫరస్ సమస్యే లేదని చెప్పేవాళ్లు ఉంటారు. ఇంకో మాట. మురుగు నీటి కోసం పరీక్షలు చేసే ల్యాబ్‌లు కొన్ని లీటరుకు 0.1 మిల్లీగ్రాము కన్నా తక్కువను చూడలేవు. 0.1 మిల్లీగ్రాము అంటే 100 మైక్రోగ్రాములు. సరస్సుకు అది అప్పటికే చాలా ఎక్కువ. 10 మైక్రోగ్రాముల దాకా చూడగలరా అని ముందే అడగండి.

సీసాలను సబ్బుతో కడగకండి, అందులోనే ఫాస్ఫేట్ ఉండవచ్చు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, శుద్ధజలంతో తొలిచి వాడాలి, లేదా ల్యాబ్ ఇచ్చిన సీసాలే తీసుకోవాలి. పైనీళ్ల నమూనా ఒకటి, అడుగుకు అర మీటరు పైన ఒకటి తీసి, ఐసులో పెట్టి వెంటనే పంపండి. తెట్టెకట్టిన చోట ఒట్టి చేతులు పెట్టవద్దు. సైనోబాక్టీరియాలో కొన్ని విషాలు తయారుచేస్తాయి. నీళ్లు మరగపెట్టినా ఆ విషాలు పోవు.

ఫలితాన్ని ఇలా చదవండి. ఏడాది సగటు 10 మైక్రోగ్రాముల లోపు ఉంటే తేట సరస్సు. 10 నుంచి 35 మధ్యస్థం. 35 దాటితే యూట్రోఫిక్, అంటే పోషకాలు మితిమీరిన స్థితి. 100 దాటితే అది ముదిరిపోయినట్టు.

రెండో మెట్టు: ఎక్కడి నుంచి ఎన్ని కిలోలు

సరస్సులోకి దిగే ప్రతి కాలువ, ప్రతి పైపు దగ్గర రెండు అంకెలు కావాలి. ఎంత నీరు పారుతోంది, లీటరుకు ఎంత ఫాస్ఫరస్ ఉంది. రెంటినీ గుణిస్తే కిలోలు వస్తాయి. పారుదల కొలవడానికి పరికరం లేకపోతే, కాలువ తిన్నగా ఉన్న చోట 10 మీటర్లు గుర్తుపెట్టి, నీటిపై తేలే వస్తువును వదిలి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. వెడల్పు, సగటు లోతు, వేగం మూడింటినీ గుణించి, పైనీరు కింది నీటి కన్నా వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణించండి. కచ్చితంగా రాకపోయినా నిర్ణయానికి సరిపోయే అంకె వస్తుంది.

నెలకోసారి ఒకే తేదీన నమూనా తీస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మురుగు పైపు రోజూ ఒకేలా పారుతుంది కాబట్టి దానికి సరిపోతుంది. పొలాల నుంచి వచ్చే ఫాస్ఫరస్ ఎక్కువగా మట్టి రేణువులకు అంటుకుని వస్తుంది, అది పెద్ద వానలప్పుడే కదులుతుంది. ఏడాది మొత్తంలో వచ్చేదాంట్లో పెద్ద వాటా కొన్ని వానల్లోనే వచ్చేయవచ్చు. కాబట్టి వాన మొదలైనప్పుడు, వరద పెరిగేటప్పుడు, తగ్గేటప్పుడు తీసిన నమూనాలు లేకుండా పొలాల వాటా తేలదు.

యూనిట్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. కొన్ని ల్యాబ్‌లు ఫాస్ఫేట్‌గా రాస్తాయి. దాన్ని 3.07తో భాగిస్తేనే ఫాస్ఫరస్ వస్తుంది. ఎరువు బస్తా మీద ఉండే భాస్వరం శాతం P₂O₅ లెక్కలో ఉంటుంది, దాన్ని 0.44తో గుణించాలి. ఈ రెండూ కలిసిపోతే మూడింతల తేడా వస్తుంది, తప్పుడు వాళ్ల మీద వేలు చూపిస్తాం.

మూడో మెట్టు: ఎంతకు తగ్గించాలి

లెక్క సులువుగా అర్థం కావడానికి ఒక ఊహా సరస్సు తీసుకుందాం. విస్తీర్ణం 50 హెక్టార్లు, సగటు లోతు 3 మీటర్లు, అంటే 15 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. ఏడాదికి బయటికి పోయే నీరు 10 లక్షల ఘనపు మీటర్లు. కాబట్టి నీళ్లన్నీ ఒకసారి మారడానికి ఏడాదిన్నర పడుతుంది.

కొలిస్తే ఏడాదికి మురుగు నుంచి 240 కిలోలు, పొలాల నుంచి 100, వీధుల వాననీటి నుంచి 30, సరస్సు మీద నేరుగా పడే వాన, దుమ్ముతో 15 వచ్చాయనుకోండి. మొత్తం 385 కిలోలు. 240 కిలోలు అంటే పెద్ద ఊరు అక్కర్లేదు. మనిషికి ఏడాదికి సుమారు 0.6 కిలో చొప్పున వేసుకుంటే 400 మంది మురుగు శుద్ధి లేకుండా దిగితే చాలు.

ఇప్పుడు 1970లలో సరస్సుల శాస్త్రవేత్త రిచర్డ్ వోలెన్‌వైడర్ ఇచ్చిన సూత్రం వాడదాం. వచ్చే నీటిలో సగటు ఫాస్ఫరస్ గాఢతను, నీళ్లు మారే కాలం వర్గమూలానికి ఒకటి కలిపి ఆ అంకెతో భాగించాలి.

```
P = (L / Q) / (1 + √T)
L = ఏటా వచ్చే ఫాస్ఫరస్ (కిలోలు)
Q = ఏటా పోయే నీరు (10 లక్షల ఘనపు మీటర్లలో)
T = నీళ్లు మారే కాలం (ఏళ్లలో)
P = సరస్సులో ఉండబోయే ఫాస్ఫరస్ (మైక్రోగ్రాములు/లీటరు)
```

మన సరస్సుకు L 385, Q 1, T 1.5. ఒకటిన్నర వర్గమూలం 1.22, ఒకటి కలిపితే 2.22. భాగిస్తే 173 మైక్రోగ్రాములు. ముదిరిపోయిన స్థితి. మీరు సరస్సులో నిజంగా కొలిచిన సగటు దీనికి దరిదాపుల్లో ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే. కొలత బాగా ఎక్కువ వస్తే ఏదో కాలువ మీ కంట పడలేదు, లేదా అడుగు మట్టి నుంచి ఫాస్ఫరస్ పైకి వస్తోంది.

35కు దించాలంటే ఏటా వచ్చేది 78 కిలోలకు మించకూడదు. అంటే ఐదింట నాలుగు వంతులు తగ్గాలి. ఈ అంకె చూసినప్పుడు గుండె జారుతుంది, కానీ ఇది తెలియకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. వీధుల వాననీటికి ఖరీదైన ఏర్పాటు చేసి 30 కిలోలూ ఆపేశారనుకుందాం. 173 కాస్తా 160 అవుతుంది. కంటికి ఏ తేడా కనిపించదు. డబ్బూ పోతుంది, జనానికి నమ్మకమూ పోతుంది.

నాలుగో మెట్టు: పెద్ద వాటా నుంచి మొదలుపెట్టి కోయడం

మురుగు ముందు. దాన్ని పూర్తిగా మళ్లిస్తే మిగిలేది 145 కిలోలు, సరస్సులో 65 మైక్రోగ్రాములు. మళ్లించే చోటు లేకపోతే శుద్ధి చేయాలి. అయితే మామూలు శుద్ధి కేంద్రం మురుగులోని కుళ్లే పదార్థాన్ని తీస్తుంది గానీ, ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగాన్ని అలాగే వదిలేస్తుంది. పటిక గానీ, ఇనుప క్లోరైడ్ గానీ కలిపి ఫాస్ఫరస్‌ను అడుక్కి దించే అదనపు దశ ఉండాలి. బయటికి వచ్చే నీళ్లలో మొత్తం ఫాస్ఫరస్ ఎంత అని అడగండి. శుద్ధి చేశామన్న మాటతో తృప్తి పడకండి. వేసవిలో సరస్సుకు వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం మురుగునీళ్లే అయితే, మళ్లించడం కన్నా ఇలా శుద్ధి చేసి వదలడమే మేలు. మళ్లిస్తే సరస్సే ఎండిపోవచ్చు.

తర్వాత పొలాలు. ఇక్కడ చేయాల్సిందల్లా రెండు పనులు. భూసార పరీక్ష చేయించి, నేలలో ఇప్పటికే భాస్వరం నిండుగా ఉంటే ఇంక వేయకపోవడం ఒకటి. మట్టి కొట్టుకుపోకుండా కాలువ గట్ల వెంట గడ్డి పట్టీలు వదలడం, ఎరువు వేసిన వెంటనే పెద్ద వాన పడే సూచన ఉంటే ఆగడం రెండోది. ఏళ్ల తరబడి భాస్వరం పేరుకున్న నేల వెంటనే మారదు. అందుకే సగం తగ్గుతుందని వేసుకుందాం, అదీ కొన్నేళ్లకు. 95 కిలోలు మిగులుతాయి, సరస్సులో 43. వీధుల నీటిని మధ్యలో ఒక మడుగులో నిలబెట్టి మట్టి దిగనిస్తే అందులో సగం, 15 కిలోలు పోయినా మిగిలేది 80. సరస్సులో 36. దాదాపు 35 గీతకు చేరిపోయాం. ఇదే వాననీటి పనికి ఇందాక విలువ లేదు, ఇప్పుడు ఉంది. వరుస మారితే ఫలితం మారుతుందని చెప్పేది ఇందుకే.

రాగి సల్ఫేట్ గురించి ఇక్కడే చెప్పాలి. అది నాచును ఒక్కసారిగా చంపుతుంది. చచ్చిన నాచంతా ఒకేసారి కుళ్లి ఆక్సిజన్ పడిపోతుంది, కణాల లోపలి విషాలు నీళ్లలోకి వదిలేస్తాయి, ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది, రాగి అడుగు మట్టిలో పేరుకుంటుంది. మన లెక్కలో ఒక్క కిలో కూడా తగ్గదు. దట్టమైన నాచు మీద దాన్ని చల్లవద్దని గట్టిగా చెబుతాను.

ఐదో మెట్టు: అడుగు మట్టి ఏం చేస్తోందో చూడటం

బయటి నుంచి వచ్చేది ఆపినా కొన్ని సరస్సులు బాగుపడవు. ఏళ్లుగా దిగిన ఫాస్ఫరస్ అడుగు మట్టిలో ఇనుముతో కలిసి ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంత కాలం ఇనుము దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ పోతే ఇనుము రూపం మారి కరిగిపోతుంది, పట్టు వదులుతుంది, ఫాస్ఫరస్ పైకి వస్తుంది. దాంతో ఇంకా నాచు, ఇంకా తక్కువ ఆక్సిజన్.

మన ఊహా సరస్సులో లోతైన 15 హెక్టార్ల అడుగున వేసవిలో 60 రోజులు ఆక్సిజన్ లేదనుకుందాం. చదరపు మీటరుకు రోజుకు 10 మిల్లీగ్రాములు వదిలితే (ముదిరిన సరస్సులో ఇది అసాధారణం కాదు) మొత్తం 90 కిలోలు. బయటి నుంచి ఏడాదంతా రానిస్తున్న 80 కన్నా ఎక్కువ! దీన్ని పట్టడానికే అడుగు నీళ్ల నమూనా తీయమన్నాను. వేసవిలో అడుగున ఆక్సిజన్ సున్నాకు దిగుతూ, అక్కడి ఫాస్ఫరస్ వారం వారం పెరుగుతుంటే సంగతి ఇదే.

అమెరికాలోని మిన్నెసోటాలో షగావా సరస్సు దగ్గర ఇది బయటపడింది. 1973లో మురుగు నుంచి ఫాస్ఫరస్ తీసే కేంద్రం పెట్టి బయటి సరఫరాను చాలావరకు కోసేశారు. అయినా వేసవి నాచు ఆశించినంత తగ్గలేదు, అడుగు మట్టి ఇస్తూనే ఉంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సులోనూ 1950ల చివర మురుగు మళ్లించాక ఏళ్ల పాటు ఎదురుచూసినా మార్పు రాలేదు. 1970, 1971లలో పైపొర మట్టిని మొత్తం ఒక మీటరు మందాన తోడేశాకే నీళ్లు తేరుకున్నాయి.

తోడటం ఒక మార్గం, తోడిన మట్టిని ఎక్కడ పోయాలన్నదే దాని పెద్ద ఖర్చు. రెండో మార్గం పటికను నీళ్లలో వేసి అడుగున ఒక పొరలా పరవడం. అల్యూమినియం ఆక్సిజన్ లేకపోయినా ఫాస్ఫరస్‌ను వదలదు. కానీ పటిక నీటిని ఆమ్లంగా మారుస్తుంది. నీళ్ల పీహెచ్ 6 కిందికి పడితే కరిగిన అల్యూమినియం చేపలకు విషం. అందుకే నీటి క్షారత కొలిచి, బకెట్లలో పరీక్షించి, మోతాదు తెలిసినవాళ్ల చేతే వేయించాలి. ఇవి ఏవైనా బయటి సరఫరా ఆగాకే. ముందు చేస్తే కొత్త మట్టి వచ్చి ఆ పొరను కప్పేస్తుంది.

ఆరో మెట్టు: ఎంత కాలం ఆగాలి, ఏం చూడాలి

అడుగు మట్టి గొడవ లేకపోతే, నీళ్లు మారే కాలానికి మూడింతలు ఆగితే మార్పు దాదాపు పూర్తవుతుంది. మన సరస్సుకు నాలుగున్నరేళ్లు. మొదటి వేసవిలోనే తేట వస్తుందని జనానికి మాట ఇవ్వకండి.

బాగుపడిన సరస్సు ఎలా ఉంటుందో అమెరికాలోని సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు చూపించింది. శుద్ధి చేసిన మురుగే అయినా, 1960ల మొదట్లో రోజుకు సుమారు 7.5 కోట్ల లీటర్లు అందులోకి పోయేది. 1955లో ఆసిలటోరియా రుబెసెన్స్ అనే సైనోబాక్టీరియా కనిపించగానే, ఆ సరస్సును పరిశోధిస్తున్న శాస్త్రవేత్త డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్ ఇది ఎటు పోతుందో హెచ్చరించాడు. 1958లో అక్కడి జనం ఓటు వేసి మురుగు వ్యవస్థకు ఒప్పుకున్నారు. 1963లో మళ్లింపు మొదలై 1968కి ముగిసింది. మళ్లింపు మొదలైన రోజుల్లో లీటరుకు 60 మైక్రోగ్రాములు దాటిన ఫాస్ఫరస్ 1970లలో 20 దరిదాపులకు దిగింది. వేసవిలో ఒక మీటరుకే మాయమైన సెక్కీ పలక 1968కి సుమారు 3 మీటర్ల దాకా కనిపించింది. అది లోతైన సరస్సు, నీళ్లు రెండు మూడేళ్లకే మారతాయి, అడుగున ఆక్సిజన్ పూర్తిగా పోలేదు. ఇంత వేగంగా తేరుకోవడానికి ఈ మూడూ కలిసొచ్చాయి.

1976లో డాఫ్నియా అనే చిన్న నీటి పురుగు అక్కడ విస్తారంగా పెరిగి నాచును తినడంతో తేట 6 మీటర్లు దాటింది. ఫాస్ఫరస్ ఆ ఒక్క ఏడాదిలో హఠాత్తుగా తగ్గలేదు. కాబట్టి మీ సరస్సులో సెక్కీ పలకను మాత్రమే నమ్మకండి. తేట ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, ముందు ఫాస్ఫరస్ అంకెను చూడండి. అది వేసిన లెక్క ప్రకారం దిగుతుంటే, ఒక చెడ్డ వేసవి వచ్చినా పని సరైన దారిలోనే ఉన్నట్టు. అది కదలకుండా తేట మాత్రం పెరిగితే, వచ్చే ఏడాది నాచు తిరిగొస్తుందని ముందే చెప్పవచ్చు. వాన నమూనాలు, తెల్లవారుజాము ఆక్సిజన్, అడుగు నీళ్ల ఫాస్ఫరస్, ఈ మూడింటినీ పని ముగిశాక కూడా కనీసం ఐదేళ్లు ఆపకుండా కొలవండి.